అంగడి స్పీకర్ మూగబోయిన నాలుగు రోజులు

తిరుపతి గాంధీ రోడ్డు దగ్గర మాది చిన్న ఇత్తడి సామాన్ల అంగడి. దీపపు కుందులు, గంటలు, హారతి పళ్లేలు. కొనేవాళ్లలో ముప్పాతిక మంది కొండ దిగి వచ్చే యాత్రికులే, అందరూ ఫోన్‌తోనే కడతారు. పోయిన సోమవారం పొద్దున మదనపల్లె ఆయనొకరు 340 రూపాయల కుందులు కొని స్కాన్ చేశారు. ఆయన ఖాతాలో డబ్బులు కట్ అయ్యాయి, మా స్పీకర్ మాత్రం పలకలేదు. తర్వాత వచ్చిన ఇద్దరివీ ఫెయిల్. నెట్ లేదేమో అనుకున్నా. కానీ ముగ్గురివీ మూడు వేరే వేరే బ్యాంకులు. అనుమానమొచ్చి మా వాడికి పది రూపాయలు పంపబోతే అదీ పోలేదు. బ్యాలెన్స్ మాత్రం చక్కగా కనబడుతోంది.

ఇక్కడొక మాట. బయటికి పోకుండా లోపలికి వస్తుంటే డెబిట్ మాత్రమే ఆపారన్నమాట. రెండు వైపులా ఆగితే మొత్తం ఖాతా బిగించినట్టు. కారణం కేవైసీయా, సైబర్ పోలీసుల కంప్లైంటా అని ముందు అడగండి. రెండోదైతే దారే వేరు. మోసగాడెవడో మీ దగ్గర సరుకు కొని దొంగ డబ్బు కట్టినా ఖాతా ఆగుతుంది, దానికి కేవైసీ కాగితాలు ఎన్నిచ్చినా లాభం లేదు. నాది కేవైసీయే, గడువు దాటినా మళ్లీ చేయించలేదు కాబట్టి ఆపామని బ్రాంచిలో రెండు నిమిషాల్లో చెప్పారు.

మెసేజ్‌లు పంపామన్నారు. పంపారు, నిజమే. ఖాతాకు ఇచ్చిన నంబరు అంగడి ఫోన్‌ది, అది మా కుర్రవాడి చేతిలో ఉంటుంది. ‘కేవైసీ’ అని కనబడితే దొంగల పనే అనుకుని తుడిచేయమని వాడికి నేర్పింది నేనే. ఇక వాడిని ఏమని తిట్టను? కానీ రూల్ ప్రకారం గడువుకు ముందు మూడుసార్లు, దాటాక మూడుసార్లు చెప్పాలి, ముందూ వెనకా కనీసం ఒక్కొక్కటి ఉత్తరంగా రావాలి. ఇరవై ఏళ్లుగా అదే ఇల్లు, అదే పోస్ట్‌మ్యాన్. ఒక్క ఉత్తరం రాలేదు.

ముందు యాప్‌లో ప్రయత్నించా. ఆధార్ నంబరు కొట్టాను, ఓటీపీ నా సొంత ఫోన్‌కు వచ్చింది, వేశాను. చివర్లో ‘వివరాలు సరిపోలేదు’ అంటూ మొదటికి తెచ్చింది. ఏ వివరం అన్నది చెప్పదు. తర్వాత తెలిసింది: ఓటీపీ దారిలో పోవాలంటే ఆధార్‌లో ఉన్న మొబైల్ నంబరూ, బ్యాంకులో ఉన్న నంబరూ ఒకటే కావాలి. నాకు ఆధార్‌లో సొంత నంబరు, బ్యాంకులో అంగడి నంబరు. ఎన్నిసార్లు కొట్టినా కాదు. ఆ ముక్క స్క్రీన్ మీద రాస్తే వాళ్ల సొమ్మేం పోయింది?

సరే, వేలిముద్రతో అయిపోతుంది రమ్మన్నారు. అసలు కథ ఇక్కడుంది.

మంగళవారం పదిన్నరకు కౌంటర్ దగ్గర కూర్చున్నా. ఇరవై ఐదేళ్ల కుర్రాడు మిషన్ ముందుకు తోశాడు. కుడి బొటనవేలు పెట్టా, ఎర్ర లైటు. చూపుడు వేలు, ఎర్ర లైటు. ఎడమ చెయ్యి, అదీ అంతే. ముప్పై ఏళ్లు చింతపండుతో, బూడిదతో, గరుకు కాగితంతో ఇత్తడి తోమిన వేళ్లు ఇవి. గీతలు ఎక్కడుంటాయి? “చేతులు కడుక్కొని రండి పెద్దాయనా” అన్నాడు. కడుక్కొని వచ్చా. “బాగా తుడవండి.” తుడిచా. “గట్టిగా నొక్కండి.” నొక్కా. “అంత గట్టిగా కాదు.” వెనక పదిహేను మంది నిలబడి ఉన్నారు. ఒకావిడ తన కొంగు అంచు నా చేతికిచ్చి “దీంతో తుడుచుకో అన్నా” అంది. జాలిపడింది పాపం, నాకు మాత్రం తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ కుర్రాడు పక్క సీటాయనతో, అందరికీ వినబడేలా, “ఈయనకు వేళ్లే లేవు సార్” అన్నాడు. నవ్వారు.

ఈ ఊళ్లో ఎన్ని పెళ్లిళ్లలో నేను తోమిన దీపాలు వెలిగాయో లెక్కలేదు. ఆ కుర్రాడి ఇంట్లో హారతి పళ్లెం కూడా నా చేతి మీదుగా పోయిందేమో. అదేమీ అనలేదు, లేచి వచ్చేశా.

ఆ రోజే ఆటో లోన్ ఈఎంఐ పోవాలి. పోలేదు, బౌన్స్ చార్జీ పడింది. రాత్రి ‘మీ ఖాతా తెరవడానికి ఈ ఫైల్ ఇన్‌స్టాల్ చేయండి’ అని వాట్సాప్ వచ్చింది, చివర `.apk` అని ఉంది. మామూలు రోజైతే తుడిచేసేవాణ్ణి. ఆ రోజు ఒక నిమిషం పాటు దాన్నే చూస్తూ కూర్చున్నా. దొంగలు కాచుకునేది అలాంటి నిమిషం కోసమే.

బుధవారం ఆ కౌంటర్‌కు పోకుండా నేరుగా మేనేజరమ్మ గదిలోకి పోయా. ఆవిడ స్క్రీన్ చూసి మూడే ప్రశ్నలు అడిగింది. ఇల్లు మారిందా? పేరు మారిందా? ఫోన్ మారిందా? ఏదీ మారలేదన్నా. “అయితే వేలిముద్ర ఎవరడిగారు మిమ్మల్ని?” అంది. ఏమీ మారలేదని రాసి సంతకం పెడితే చాలట. ఖాతా తెరిచినప్పుడు ఇచ్చిన కాగితాలు ఇప్పటికీ చెల్లేవైతే అంతే. గడువు తీరిన పాస్‌పోర్టో లైసెన్సో ఇచ్చి ఉంటే మాత్రం మళ్లీ మొదటి నుంచి. నావి ఆధార్, పాన్. అయినా ఒరిజినల్స్ చూసి, జిరాక్స్ తీసుకుని, ముద్ర వేసుకుంది. ఇల్లు మారినవాళ్లు కూడా కొత్త చిరునామా రాసిస్తే చాలు, బ్యాంకు రెండు నెలల్లో సరిచూసుకుంటుందని చెప్పింది.

“మా బావమరిదికి ఏడాది టైమిచ్చారే, నాకెందుకు ఇవ్వలేదు?” అని అడిగా. తక్కువ రిస్క్ ఖాతాలకే ఆ వెసులుబాటు అంది. మరి నాదేమిటంటే, “అది చెప్పకూడదండీ” అంది. నేనే లెక్క వేశా. తక్కువ రిస్క్‌కు పదేళ్లకొకసారి కేవైసీ, మధ్యరకానికి ఎనిమిదేళ్లకు, ఎక్కువకు రెండేళ్లకు. నా ఖాతా 2018 జనవరిలో తెరిచింది, ఎనిమిదేళ్లు ఈ జనవరితో నిండాయి. సేవింగ్స్ ఖాతాలో రోజంతా అంగడి డబ్బులు పడుతుంటే మధ్యరకంలో వేసినట్టున్నారు. నిజమైన కారణం ఎవరూ చెప్పరు.

ఒక్క పని మాత్రం తప్పకుండా చేయండి: కాగితాలు ఇచ్చినట్టు తేదీ వేసిన రసీదు అడిగి తీసుకోండి. ఇవ్వాల్సిన బాధ్యత వాళ్లదే. నేను అడిగితే ఆ కుర్రాడి చేతే రాయించి ఇప్పించింది ఆవిడ. రాస్తున్నంతసేపూ తల ఎత్తలేదు.

గురువారం సాయంత్రం మా వాడు ఒక్క రూపాయి పంపాడు. స్పీకర్ పలికింది. తిరిగి వాడికి ఒక్క రూపాయి పంపా, పోయింది. రెండూ చూసుకోవాలి, ఒకటి తెరుచుకుని ఇంకోటి ఆగిపోవచ్చు కదా. మదనపల్లె ఆయన 340 కూడా ఆయన ఖాతాకే వెనక్కి వెళ్లిందని ఫోన్ చేశారు. అంగడికి కట్టిన డబ్బు ఇలా మధ్యలో ఆగితే ఐదు రోజుల్లో వెనక్కి పడాలి, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు అదనంగా ఇవ్వాలి. కుందులు ఆయన ఆ రోజే పట్టుకెళ్లారు, డబ్బులు మళ్లీ పంపారు.

బౌన్స్ చార్జీ నేను వదల్లేదు. ఉత్తరం పంపకుండా ఖాతా ఆపారు కాబట్టి ఆ డబ్బు తిరిగివ్వాలని శుక్రవారం రాతపూర్వకంగా కంప్లైంట్ ఇచ్చి, నంబరు తీసుకున్నా. 30 రోజుల్లో తేల్చకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు `cms.rbi.org.in` లో పెట్టొచ్చు. ఇవాళ్టికి నాలుగు రోజులైంది.