శౌర్య పేరుకు ఆరు స్పెల్లింగులు

మొన్న బంధువులందరం ఫోన్లలో ఆడిన క్విజ్‌లో, ‘కార్తీక దీపం’ సీరియల్‌లో వంటలక్క దీప కూతుళ్లలో హిమ కాక రెండో అమ్మాయి ఎవరని అడిగారు. మా పిన్ని Shourya అని టైపు చేస్తే తప్పని చూపించింది, ఎందుకంటే అందులో ముందే పెట్టిన జవాబు Sourya. ఆవిడ చిన్నబోవడం నాకు బాధనిపించింది.

‘శ’ను మనవాళ్లు S అనీ Sh అనీ రాస్తారు, ‘ఔ’ను ou, au, ow అని మూడు రకాలుగా రాస్తారు, అంటే శౌర్య అనే ఒక్క పేరుకే ఆరు స్పెల్లింగులు, ఆరూ సరైనవే. దీప భర్త కార్తీక్ పేరు విషయమూ అంతే: ‘ట’కు t వాడేశాం కనుక ‘త’కు మనం th రాస్తాం, ఉత్తరాదివారు t తోనే సరిపెడతారు.

అలాగని అక్షరాల తేడాలన్నీ వదిలేయకూడదు, Hima బదులు Hema అని రాస్తే అది వేరే పేరవుతుంది. అందుకే జవాబును ముందు తెలుగు లిపిలో రాసుకుని, వచ్చిన స్పెల్లింగును పైకి చదివి, అదే పేరు పలికితే మార్కు ఇవ్వాలని అడిగాను. పిన్నికి ఆ మార్కు కలిపారు.