టిల్ట్ టేబుల్, ఈవెంట్ రికార్డర్: పడిపోవడానికి ఒకటి, దడకి ఒకటి

నాకు రెండు బాధలుండేవి. చాలాసేపు నిలబడితే కళ్లు తిరిగి స్పృహ తప్పి పడిపోవడం ఒకటి. ఏ పనీ లేకుండా కూర్చున్నప్పుడు ఉన్నట్టుండి గుండె దడదడలాడటం ఇంకొకటి. శ్రీకాకుళంలో చేయించిన ఈసీజీ, ఎకో, షుగరు, హిమోగ్లోబిన్, థైరాయిడ్ అన్నీ మామూలుగానే వచ్చాయి. అన్నీ బాగుంటే మరి పడిపోవడమెందుకని ఇంట్లో అందరికీ అదే ప్రశ్న. మామూలు ఈసీజీ కాగితం మీద కనిపించేది పది సెకన్ల గుండె లయ మాత్రమే, అదీ మనిషి ప్రశాంతంగా పడుకుని ఉన్నప్పటిది. పడిపోయే ఆ క్షణంలో ఏం జరిగిందో దానికి తెలిసే వీలు లేదు. ఆ క్షణాన్ని పట్టుకోవాలంటే ఉన్నవి రెండు దారులు. డాక్టరు ఎదుటే దాన్ని రప్పించి చూడటం టిల్ట్ టేబుల్ టెస్టు. అది తనంతట తాను వచ్చేవరకు ఒంటికి మిషన్ పెట్టుకుని తిరగడం ఈవెంట్ రికార్డర్.

ఏది ఎవరికన్నది డాక్టరు అడిగే ప్రశ్నల్లోనే చాలావరకు తేలిపోతుంది. నిలబడి ఉండగా పడిపోయారా, కూర్చునా, పడుకునా? ముందు ఏమైనా తెలిసిందా? తేరుకోవడానికి ఎంతసేపు పట్టింది? నేను పడిపోయినవన్నీ నిలబడి ఉన్నప్పుడే. రథసప్తమికి అరసవల్లి క్యూలో ఒకసారి, ఎండాకాలం స్కూల్లో ప్రార్థన జరుగుతుండగా ఒకసారి. ముందుగా ఆవులింతలు, వికారం, చల్లని చెమట. తర్వాత చూపు మసకబారి, పక్కవాళ్ల మాటలు ఎక్కడో దూరం నుంచి వినిపించేవి. పడిపోయాక చేతులు నాలుగైదుసార్లు కొట్టుకున్నాయని మా ఆవిడ చెప్పింది. మూర్ఛ రోగమేమోనని భయపడేది ఇక్కడే. మెదడుకి కొన్ని సెకన్లు రక్తం అందకపోయినా చేతులు అలా కొట్టుకుంటాయి. ఫిట్స్ అయితే తర్వాత చాలాసేపు అయోమయంగా ఉంటుంది. నేను నిమిషం లోపే లేచి, ఎక్కడున్నానో ఎవరున్నారో చెప్పగలిగాను. ఈ వివరం పడిపోయినవాడికి తెలియదు కాబట్టి, చూసిన మనిషిని డాక్టరు దగ్గరికి వెంటబెట్టుకెళ్లడం అవసరం.

ఇవే ప్రశ్నలకి జవాబులు వేరేగా ఉంటే దారే మారిపోతుంది. పరుగెత్తుతూ పడిపోయినా, పడుకుని ఉండగా స్పృహ తప్పినా, ఏ సూచనా లేకుండా ఢామ్మని కూలిపోయినా, ఇంట్లో ఎవరైనా చిన్నవయసులో హఠాత్తుగా చనిపోయినా ముందుగా గుండె జబ్బునే వెతుకుతారు. వాళ్లని టిల్ట్ టేబుల్ కోసం నెలల తరబడి ఎదురుచూడనివ్వరు.

మనిషి లేచి నిలబడగానే అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా రక్తం కాళ్లలోకీ పొట్టలోకీ దిగిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న ఒంట్లో వెంటనే రక్తనాళాలు బిగుసుకుంటాయి, గుండె కాస్త వేగం పెంచుతుంది, బీపీ నిలబడుతుంది. మాలాంటి వాళ్లలో కొంతసేపటికి ఈ ఏర్పాటు తిరగబడుతుంది. బిగుసుకోవాల్సిన నాళాలు సడలిపోతాయి, వేగంగా కొట్టుకోవాల్సిన గుండె నెమ్మదిస్తుంది. టిల్ట్ టేబుల్ మీద చూసేది దీన్నే. కారణం తెలియకుండా పడిపోయేవాళ్లకి ఈ పరీక్ష పనికొస్తుందని మొదట చెప్పింది 1986లో.

మా దగ్గర నుంచి దీనికి విశాఖపట్నం వెళ్లాం. నాలుగు గంటల ముందు నుంచి ఏమీ తినొద్దన్నారు. వాడే మందులన్నీ చీటీతో సహా తెమ్మన్నారు. ప్రోస్టేటుకి వాడే కొన్ని మాత్రలూ, నీరు పోయే మాత్రలూ, బీపీ మాత్రలూ వాటంతట అవే నిలబడితే పడిపోయేలా చేయగలవు. అయితే వేటిని ఆపాలో, ఎన్ని రోజుల ముందు ఆపాలో డాక్టరే చెప్పాలి. సొంతంగా ఆపకూడదు.

గదిలో వెలుతురు తక్కువ, చప్పుడు లేదు. బల్ల చివర పాదాలు ఆనడానికి పలక, ఛాతీ దగ్గరా మోకాళ్ల దగ్గరా బెల్టులు. ఛాతీకి ఈసీజీ స్టిక్కర్లు, చేతికి మామూలు బీపీ పట్టీ, వేలికి మరో చిన్న పట్టీ. ఆ వేలి పట్టీ ముఖ్యం. చేతి పట్టీ ఒకసారి కొలిచేందుకు అర నిమిషం తీసుకుంటుంది, బీపీ అంతకంటే తక్కువ సమయంలోనే పడిపోవచ్చు. వేలి పట్టీ గుండె కొట్టుకున్న ప్రతిసారీ బీపీ చూపిస్తుంది. బీపీ ముందు పడిందా, నాడి ముందు పడిందా అన్నది దానివల్లే తేలుతుంది.

ముందు కొంతసేపు వెల్లకిలా పడుకోబెట్టారు. బీపీ 122/76, నాడి 68. తర్వాత బల్లని 70 డిగ్రీలు లేపారు. కాళ్లు కదపొద్దు, పిక్కలు బిగించొద్దు అని టెక్నీషియన్ పదేపదే చెప్పాడు. పిక్కల కండరాలు బిగుసుకుంటే రక్తం పైకి వెళ్లిపోతుంది, ఒళ్లు దాచుకున్న లోపం బయటికి రాదు. మనంతట మనం నిలబడకుండా బెల్టులతో బల్లకి ఆనించి నిలబెట్టేది అందుకే. ఇరవై నిమిషాలు అలాగే గడిచాయి. నాడి 82కి పెరిగింది, బీపీ కదల్లేదు.

అప్పుడు నాలుక కింద నైట్రోగ్లిసరిన్ స్ప్రే కొట్టారు, 400 మైక్రోగ్రాములు. ఛాతీనొప్పికి ఇచ్చే మందే ఇది. సిరల్ని వదులు చేసి రక్తాన్ని ఇంకొంచెం కిందకి దించుతుంది. బల్లని అలాగే ఉంచి మరో పదిహేను నిమిషాలు చూస్తారు. మొదట తల బరువెక్కింది, నాడి 110 దాకా పెరిగింది. ఆరో నిమిషం ప్రాంతంలో ఆవులింత, తర్వాత వికారం, ఆ తర్వాత మసక. పై బీపీ 90, 74, 58గా దిగింది. అది దిగడం మొదలయ్యాక నాడి కూడా 44కి జారింది. ఇవన్నీ తర్వాత కాగితం మీద చూసినవే. నాకు గుర్తున్నది మసక వరకే. బల్లని వెంటనే పడుకోబెట్టేశారు, కొన్ని సెకన్లలో తెలివొచ్చింది.

తెలివి రాగానే డాక్టరు అడిగింది ఒకటే: "మాస్టారూ, బయట పడిపోయే ముందు మీకు అచ్చం ఇలాగే ఉంటుందా?" ఫలితంలో సగం ఈ జవాబులోనే ఉంది. స్ప్రే కొడితే ఏ జబ్బూ లేని మనిషి కూడా ఒక్కోసారి పడిపోతాడు. అందుకే రిపోర్టులో పాజిటివ్ అని ఉంటే సరిపోదు, బల్ల మీద వచ్చిందీ బయట వచ్చేదీ ఒకటేనని రోగి గుర్తుపట్టాలి. నేను గుర్తుపట్టాను. అలాగే నెగటివ్ వచ్చినంత మాత్రాన ఈ జబ్బు లేదని కాదు. ఆ రోజు ఒళ్లు లొంగలేదు, అంతే.

నా రిపోర్టులో "మిక్స్‌డ్" అని రాశారు. బీపీ ముందు పడింది, నాడి తర్వాత నెమ్మదించింది, కానీ ఆగలేదు. కొందరికి గుండె మూడు సెకన్లకు మించి ఆగిపోతుంది, వాళ్ల సంగతి వేరే ఆలోచిస్తారు. కొందరికి నిలబెట్టిన మూడు నిమిషాల్లోనే పై బీపీ 20 పాయింట్లో అంతకంటే ఎక్కువో దిగిపోతుంది, ముసలివాళ్లలోనూ ఏళ్ల తరబడి షుగరున్నవాళ్లలోనూ ఇది ఎక్కువ. ఇంకొందరిలో బీపీ నిలకడగానే ఉంటుంది గానీ పది నిమిషాల లోపే నాడి 30 పెరిగి అక్కడే ఉండిపోతుంది. బల్ల ఒకటే అయినా ఒక్కో గీతకి ఒక్కో వైద్యం.

ఇక దడ సంగతి. దానికి బల్ల పనికిరాదు. హోల్టర్ అనే మిషన్ పెడదామా అంటే అది గుండె లయని ఒక రోజో రెండు రోజులో రాసుకుంటుంది. నాకు దడ వచ్చేది వారానికో పది రోజులకో ఒకసారి. ఆ రోజు రాకపోతే హోల్టర్ రిపోర్టు బ్రహ్మాండంగా వస్తుంది, ప్రశ్న మాత్రం అక్కడే ఉంటుంది. అందుకని వారాల తరబడి పెట్టుకునే ఈవెంట్ రికార్డర్ ఇచ్చారు.

ఇందులోనూ రెండు రకాలు. దడ మొదలయ్యాక తీసి ఛాతీకి ఆనించుకునేది ఒకటి. స్పృహ తప్పేవాడికి అది పనికిరాదు, తీసి ఆనించే తెలివి ఎక్కడుంటుంది? నాకు ఇచ్చింది లూప్ రికార్డర్. ఇది లయని ఎప్పుడూ రాసుకుంటూ పాతదాన్ని చెరిపేసుకుంటూ ఉంటుంది. బటన్ నొక్కితే, నొక్కడానికి ముందు జరిగిన కొంతసేపటిది కూడా దాచిపెడుతుంది. పడిపోయి లేచాక నొక్కినా పడిపోయినప్పటి లయ దొరుకుతుందన్నమాట. ఎంత ముందుది దాచాలన్నది మిషన్‌లో అమర్చుతారు. అది పెట్టేటప్పుడే అడిగి తెలుసుకుని, అంతలోపు నొక్కాలని ఇంట్లోవాళ్లకీ చెప్పి ఉంచాలి.

దీనికి మన ఊరి చెమటే పెద్ద శత్రువు. స్టిక్కరు సగం ఊడితే గీత అంతా గజిబిజి అయిపోతుంది, గుండె లయ తప్పినట్టే కనిపిస్తుంది. చర్మం మీద వెంట్రుకలు తీసి, స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరాకే అంటించాలి. కొబ్బరినూనె, పౌడరు ఆ చుట్టుపక్కల రాయకూడదు. దురద పెడితే కొత్త స్టిక్కరుని పక్కకి జరిపి ఎక్కడ పెట్టొచ్చో టెక్నీషియన్‌ని ముందే అడిగి పెట్టుకోవాలి. నొక్కిన ప్రతిసారీ టైమూ, అప్పుడేం చేస్తున్నామో, ఎలా అనిపించిందో ఒక పుస్తకంలో రాయాలి. మిషన్‌లో టైముకీ పుస్తకంలో టైముకీ తేడా ఉంటే రాసిందంతా వృథా.

నేను దడ వచ్చిందని నొక్కినవాటిలో లయ మామూలుగానే ఉంది. మధ్యమధ్యలో గుండె ఒక్కటి తొందరపడి కొట్టుకుని, కాస్త ఆగి, తర్వాతది గట్టిగా కొట్టింది. ఎకో బాగున్నవాళ్లలో ఇలాంటి విడి దెబ్బలు అప్పుడప్పుడు వస్తే సాధారణంగా ప్రమాదం లేదన్నారు. దడ వస్తున్న సమయంలో లయ మామూలుగా ఉండటం కూడా జవాబే. ఆ బాధ ప్రమాదకరమైన లయది కాదని తేలింది. దడ రాకుండానే మిషన్ వెనక్కి ఇచ్చేసి ఉంటే ఆ మాట ఎవరూ అనలేకపోయేవారు. ఒకటి గుర్తుంచుకోవాలి, ఈ మిషన్ బీపీ చూడదు. బీపీ ఒక్కటే పడి స్పృహ తప్పితే ఇందులో కనిపించేది మామూలు లయే.

వైద్యం మందులతో మొదలవలేదు. రోజుకి రెండున్నర, మూడు లీటర్ల నీళ్లు, ఉప్పు వేసిన మజ్జిగ, చోడి అంబలి. ఉప్పు పెంచేముందు బీపీ, క్రియాటినిన్ చూశారు. మా అమ్మగారి వైపు వాళ్లది ఉద్దానం. అక్కడ కిడ్నీ జబ్బు ఎంతుందో అందరికీ తెలిసిందే. ఆ పరీక్ష చేయించకుండా, పక్కింటాయనకి చెప్పారు కదా అని ఎవరూ ఉప్పు పెంచకూడదు. బీపీ ఉన్నవాళ్లూ అంతే.

రెండోది, ఆవులింతలు మొదలవగానే చేసేది. నిలబడ్డచోటే కాళ్లు ఒకదాని మీద ఒకటి మెలివేసి తొడలు, పిరుదులు, పొట్ట బిగబట్టాలి. లేదా రెండు చేతుల వేళ్లూ కొక్కేల్లా తగిలించి ఎదురెదురుగా లాగాలి. కిందకి దిగిన రక్తం పైకెక్కి బీపీ కాస్త లేస్తుంది. ఆ వ్యవధిలో కూర్చోవాలి, వీలైతే పడుకుని కాళ్లు ఎత్తి పెట్టుకోవాలి. ప్రార్థనలో అలా రెండుసార్లు గట్టెక్కాను, పడిపోలేదు.

ఇకముందు ఏ సూచనా లేకుండా గానీ, కూర్చుని గానీ పడిపోతే ఈ రిపోర్టు చూసి ఊరుకోవద్దని, వెంటనే రమ్మని డాక్టరు చెప్పారు. అప్పుడు ఎడమ ఛాతీ చర్మం కింద పెట్టే చిన్న లూప్ రికార్డర్ ఉంటుందట. ఆ చోటు వరకే మత్తు ఇచ్చి కొద్ది నిమిషాల్లో పెడతారు, మూడేళ్లో అంతకంటే ఎక్కువో పనిచేస్తుంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు మాత్రమే పడిపోయేవాళ్లకి ఒంటి మీద వారాలు ఉంచే మిషన్ చాలదు, అలాంటివాళ్ల కోసమే ఇది.