ప్యాంటు తిరగేసి చూస్తే: కుట్టు, జిప్పు, నా అనుభవం

షాపులో ప్యాంటు చేతికి రాగానే ముందు తిరగేస్తాను. బయట ఇస్త్రీ మడత చాలా దాచేస్తుంది. లోపల నా కళ్లు వెతికేది సీటు కుట్టు, అంటే జిప్పు కిందనుంచి వెనక నడుము దాకా వెళ్లేది. కూర్చున్నా వంగినా లాగుడంతా దాని మీదే.

బొటనవేలు వెడల్పు సుమారు ఒక అంగుళం. దాన్ని కుట్టు మీద ఆనించి, ఆ మేర ఎన్ని కుట్లు పడ్డాయో లెక్కపెడతాను. మామూలు ప్యాంటు గుడ్డకి 10 నుంచి 12 ఉంటే నిశ్చింత. లావు దారంతో కుట్టే జీన్స్‌కి 8 ఉన్నా చాలు. అలాగని మరీ ఎక్కువున్నా మంచిది కాదు, పల్చటి గుడ్డలో సూది రంధ్రాలు దగ్గరైపోతే ఆ గీత వెంబడే చిరుగుతుంది.

తర్వాత కుట్టుకి అటూ ఇటూ గుడ్డ పట్టుకుని మెల్లగా లాగుతాను. మధ్యలో దారాలు నిచ్చెన మెట్లలా కనిపిస్తే కుట్టు వదులుగా ఉన్నట్టు. దీన్ని ఇంకో వరస కుట్టించి బాగుచేసుకోవచ్చు. కానీ కుట్టు గట్టిగానే ఉండి, దాని పక్కన గుడ్డ పోగులే జరిగి సందు ఇచ్చాయంటే లోపం నేతది. దాన్ని టైలర్ కూడా ఏం చేయలేడు.

మొన్న చూసిన ఒకటి ఇలాగే దొరికిపోయింది. అంగుళానికి 7 కుట్లు, లోపల వదిలిన గుడ్డ అర సెంటీమీటరు. అంచు పోగులు ఊడకుండా ఓవర్‌లాక్ చేసి ఉన్నా, లాగితే నిచ్చెన తేలింది. ఒక సెంటీమీటరు వదిలి ఉంటే మళ్లీ కుట్టించుకుందామని తీసుకునేవాణ్ణి. అర సెంటీమీటరే ఉంటే రెండో కుట్టుకి చోటే లేదు, పైగా ప్యాంటు బిగుతవుతుంది. తిరిగి పెట్టేశాను.

కుట్టు అడుగున గొలుసులా కనిపిస్తే మాత్రం కంగారుపడను. అది సాగుతుంది కాబట్టి సీటుకి మంచిదే. కాకపోతే కొస వేలాడుతూ ఉంటే ఊడుతూ పోతుంది. కొస మీదుగా ఇంకో కుట్టు పడిందా అని చూడాలి.

జిప్పుని అయిదారుసార్లు పైకీ కిందికీ లాగుతాను. సగంలో ఆపి, రన్నర్ నాలుకని కిందికి పడుకోబెట్టి రెండు వైపులా గుంజుతాను. జారితే తాళం పనిచేయట్లేదు, రోజూ ఇబ్బందే. జిప్పు పట్టీ అలలు అలలుగా కుట్టి ఉంటే రన్నర్ అక్కడ తంటాలు పడుతుంది. ఇక జిప్పు అడుగున అడ్డంగా, దగ్గరదగ్గరగా వేసిన గట్టి కుట్టు ఉండాలి. అది లేకపోతే తొడుక్కునేటప్పుడల్లా చీలిక కిందికి, నేరుగా ఆ సీటు కుట్టులోకే దిగుతుంది.