పెన్షన్ లెక్కలో మూడు మాటలు: భీమవరం, జర్మనీ

భీమవరం దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో పనిచేసే మా బావమరిది, తనకు ఈపీఎస్, అంటే ఉద్యోగుల పెన్షన్ పథకం కింద వచ్చే పెన్షన్‌కూ జర్మనీ గిడ్డంగిలో నాకు జమయ్యే పెన్షన్‌కూ తేడా ఏమిటని అడిగాడు. మూడు మాటలు తెలిస్తే రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడవచ్చు.

మొదటిది చందా ఆధార వేతనం, అంటే జీతంలో ఎంత భాగం మీద చందా కట్టాలో తేల్చే మొత్తం. అతని బేసిక్, డీఏ కలిపి నెలకు 24,000 రూపాయలైనా, సాధారణ నిబంధన ప్రకారం ఈపీఎస్ లెక్క 15,000 దగ్గరే ఆగిపోతుంది. యజమాని చందాలో ఆ 15,000 మీద 8.33 శాతం, అంటే సుమారు 1,250 రూపాయలు పెన్షన్ ఖాతాకు వెళ్తాయి. పాస్‌బుక్‌లో పెన్షన్ గడి నెలనెలా ఖాళీగా కనిపిస్తే అతను ఆ పథకంలో సభ్యుడేనా అని వెంటనే విచారించాలి, ఎందుకంటే 2014 సెప్టెంబరు తర్వాత 15,000కు మించిన జీతంతో తొలిసారి పీఎఫ్‌లో చేరినవారికి ఈపీఎస్ వర్తించదు.

రెండవది ప్రమాణ వేతనం, అంటే పెన్షన్ లెక్క కట్టేటప్పుడు తీసుకునే జీతం. ఈపీఎస్‌లో అది చివరి 60 నెలల సగటు, అదీ పరిమితికి లోబడి. మూడవది అక్రూవల్ రేటు: ఒక ఏడాది సర్వీసుకు ఆ వేతనంలో ఎన్నో వంతు పెన్షన్‌గా జమవుతుందో చెప్పేది. ఈపీఎస్‌లో అది 70వ వంతు, అంటే సుమారు 1.43 శాతం. 14 ఏళ్లు నిండితే 15,000ను 14తో గుణించి 70తో భాగించగా నెలకు 3,000 రూపాయలు వస్తాయి.

జర్మనీలో అక్రూవల్ రేటు అన్న మాట వినిపించదు. ఏటా మన జీతాన్ని బీమాదారులందరి సగటు జీతంతో పోల్చి పాయింట్లు ఇస్తారు. 2025కు ముందస్తుగా ప్రకటించిన సగటు 50,493 యూరోలు. నెలకు 3,000 యూరోల జీతమైతే ఏడాదికి 36,000, దాన్ని ఆ సగటుతో భాగిస్తే 0.713 పాయింటు. 2025 జులైలో పాయింటు విలువ నెలకు 40.79 యూరోలు కాబట్టి, ఆ ఒక్క ఏడాదికి నెలకు 29 యూరోల పెన్షన్ పోగవుతుంది. జీతంతో పోలిస్తే అది ఒక్క శాతానికి కాస్త తక్కువే.

అయితే మా బావమరిదిది పెద్ద రేటనుకోవడం తొందరపాటు. అతనికి ఏడాదికి జమయ్యేది 214 రూపాయలు. 24,000తో పోలిస్తే అది 0.89 శాతమే. జర్మనీలో 2025 పరిమితి నెలకు 8,050 యూరోలు కనుక నా జీతమంతా లెక్కకు వస్తుంది. పరిమితి అడగకుండా రేటు మాత్రమే చెప్పేవారి మాట నేను నమ్మను.

మరొక తేడా అర్హత కాలం: ఈపీఎస్ నెలవారీ పెన్షన్‌కు 10 ఏళ్లు, జర్మనీలో 5 ఏళ్లు. 2017 మే 1న అమల్లోకి వచ్చిన భారత్–జర్మనీ ఒప్పందం ప్రకారం అర్హత తేల్చడానికి రెండు దేశాల కాలాన్నీ కలుపుతారు గానీ, ఏ దేశమైనా తన దగ్గర చందా కట్టిన కాలానికే డబ్బు ఇస్తుంది.