గుంట పూడాలి, చర్మం చర్మంలాగే ఉండాలి

మొటిమలకంటే అవి పోయాక మిగిలిన గుంటలే నన్ను ఎక్కువ బాధపెట్టాయి. డిగ్రీ చదివే రోజుల్లో బుగ్గల మీద లోతుగా, గట్టిగా, ముట్టుకుంటే ప్రాణం విలవిల్లాడే మొటిమలు వచ్చేవి. ఐసోట్రెటినోయిన్ మాత్రలు నెలల తరబడి వాడాక అవి ఆగిపోయాయి. బుగ్గలు మాత్రం ఎగుడుదిగుడుగా మిగిలాయి. మాది భీమవరం దగ్గర పల్లెటూరు, రొయ్యల చెరువుల పని. వెలుతురు ఎదురుగా పడితే నా ముఖంలో పెద్ద తేడా తెలియదు. పొద్దున్నే చెక్ ట్రేలు చూడడానికి గట్టు మీదికి వెళ్తే ఎండ పక్కనుంచి పడుతుంది. అప్పుడు ప్రతి గుంటా తన నీడతో సహా కనిపిస్తుంది.

వైద్యానికి వెళ్ళాలని ఉన్నా ఒక భయం ఆపేది. మా బంధువుల్లో ఒకావిడ మందుల షాపులో అడిగి కొన్న క్రీము ఏళ్ళ తరబడి రాసుకుంది. మొదట్లో ముఖం తెల్లగా, నున్నగా అయింది. తర్వాత చర్మం పలచబడి అదో రకంగా మెరుస్తూ, సన్నటి ఎర్రటి రక్తనాళాలు పైకి కనిపించడం మొదలైంది. ఆ క్రీములో స్టెరాయిడ్ ఉందని చివరికి తెలిసింది. గుంటలు పోయి నా ముఖమూ అలా ప్లాస్టిక్‌లా తయారైతే ఏం చేయాలి?

రాజమండ్రిలో చూపించుకున్న చర్మవ్యాధుల డాక్టరుగారితో మొదట ఈ మాటే చెప్పాను. ఆవిడ గదిలో లైట్లు ఆపి, చిన్న టార్చి చెవి వైపు నుంచి వేసి చూశారు. తర్వాత రెండు వేళ్ళతో బుగ్గను లాగి పట్టుకున్నారు. లాగగానే కొన్ని గుంటలు మాయమయ్యాయి, కొన్ని అలాగే ఉన్నాయి. వైద్యమంతా ఈ తేడా మీదే ఆధారపడింది.

లాగితే మాయమయ్యేవి వెడల్పుగా, అంచుల్లేకుండా ఉండే గుంటలు. వాటిని రోలింగ్ స్కార్లు అంటారు. పాత మొటిమ మానేటప్పుడు చర్మం కింద గట్టి పీచులు ఏర్పడి, పైచర్మాన్ని లోపలికి లాగి పట్టుకుంటాయి. పరుపులో దూది కదలకుండా దారం వేసి బిగించిన చోట పడే గుంట లాంటిదే ఇది. పైన ఎంత రాసినా, ఎంత గీకినా లోపలి దారం తెగకపోతే గుంట లేవదు. లాగినా కదలనివాటిలో ఎక్కువ సన్నగా లోతుగా దిగిన చిల్లులు. వాటికి వేరే పద్ధతి ఉంది.

"లేజర్ పెట్టి మొత్తం ఒకేసారి తీసేయలేరా అండి?" అని అడిగాను.

"పైపొరంతా కాల్చేసే లేజర్ ఉంది. మన రంగు చర్మానికి దాంతో నల్లమచ్చలు రావచ్చు. ఒక్కోసారి నెలలు గడిచాక రంగు పూర్తిగా పోయి తెల్లగా, నున్నగా ఉండిపోతుంది. మీరు భయపడే రూపం అదే. చర్మానికి రంధ్రాలుండాలి, సన్నటి గీతలుండాలి. గుంట అంచు మెత్తబడి నీడ తగ్గితే చాలు, అక్కడ ఆపుదాం," అన్నారు. మధ్యమధ్య మామూలు చర్మాన్ని వదిలేసి చుక్కలు చుక్కలుగా కాల్చే ఫ్రాక్షనల్ లేజర్ కొంత నయమని చెప్పారు కానీ, ఎండలో తిరిగే నాకు దాన్ని కూడా మొదటే వద్దన్నారు. మొత్తం మీద సగం వరకు మార్పు వస్తే మంచి ఫలితం అనుకోమన్నారు. ముందే అలా చెప్పినందుకే ఆవిడ మీద నమ్మకం కలిగింది.

మొదట చేసింది సబ్‌సిషన్. నన్ను కూర్చోబెట్టే గుంటల చుట్టూ పెన్నుతో గీతలు గీశారు, ఎందుకంటే పడుకుంటే సగం గుంటలు కనబడవు. మత్తు ఇంజెక్షన్ చేసి, చర్మం కిందికి సూది అడ్డంగా దించి, అటూ ఇటూ కదుపుతూ ఆ పీచులు కోశారు. నొప్పి తెలియలేదు కానీ పీచు తెగుతున్నప్పుడు టకటకమని చప్పుడు చెవి దాకా వినిపించింది. కోసిన చోట చేరే కొద్దిపాటి రక్తం, పీచులు మళ్ళీ వెంటనే అతుక్కోకుండా అడ్డుపడుతుందట. అక్కడే మెల్లగా కొత్త కణజాలం పెరుగుతుంది. దీపావళి దాటాక చేయించుకున్నాను కాబట్టి, కమిలిన నలుపు సంక్రాంతికి చుట్టాలు వచ్చేసరికి పోయింది. రెండు చోట్ల చిన్న గడ్డల్లా తగిలి టెన్షన్ పెట్టాయి, అవి కూడా కొన్ని వారాల్లో కరిగిపోయాయి.

ఇక్కడ అందరూ తెలుసుకోవాల్సింది ఒకటుంది. చేయించుకున్న మొదటి వారం బుగ్గ బిగువుగా, ఒక్క గుంట లేకుండా కనిపిస్తుంది. మా అమ్మ చూసి "అబ్బ, ఎంత నున్నగా అయిపోయిందిరా!" అని సంబరపడింది. అది వాపు. వాపు తగ్గాక గుంటలు చాలావరకు తిరిగొచ్చాయి, అమ్మ మొహం చిన్నబోయింది. అసలు ఫలితం చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ పెరిగాక, అంటే మూడు నెలలు దాటాకే తెలుస్తుంది. మొదటి వారం ఫోటోలు చూపించి డబ్బు కట్టించుకునే చోట్ల జాగ్రత్తగా ఉండాలి. నేను మా వరండా కిటికీ పక్కన ఒకే చోట, పొద్దున ఒకే వేళకి, ఫోన్‌లో బ్యూటీ మోడ్ ఆపేసి ఫోటో తీసుకునేవాణ్ణి. మూడో నెల ఫోటోలో ఎడమ బుగ్గ మీద నీడలు నిజంగానే పలచబడ్డాయి. రంధ్రాలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఆ తర్వాత మైక్రోనీడ్లింగ్. తిమ్మిరి క్రీము రాసి ముప్పావు గంట ఆగి, సన్నటి సూదులున్న పెన్ను లాంటి పరికరంతో బుగ్గల మీద గుచ్చుతారు. నాకు లోతు 1.5 మిల్లీమీటర్ల దగ్గర పెట్టారు. రెండు సార్ల మధ్య కనీసం నెల ఎడం. తొందరపడి దగ్గర దగ్గరగా చేస్తే, మానని చర్మానికి మళ్ళీ గాయం చేసినట్టవుతుంది. ఇది పైపొరను కాల్చదు కాబట్టి మా రంగు వాళ్ళకి నల్లబడే ప్రమాదం తక్కువ.

సన్నటి చిల్లులకి గాఢమైన ట్రైక్లోరో ఎసిటిక్ యాసిడ్‌ని పుల్ల మొనతో ఒక్కో చిల్లులో అంటించారు. అంటిన చోట క్షణాల్లో తెల్లబడి, తర్వాత పక్కు కట్టి, వారానికి రాలిపోయింది. ఇది ఇంట్లో చేసుకునే పని ఎంతమాత్రం కాదు, చుక్క పక్కకి జారితే కొత్త గుంట పడుతుంది. జాగ్రత్తగా చేసినా నాకు కొన్ని చుక్కలు నల్లబడ్డాయి. డాక్టరుగారు ఆ నలుపు తగ్గడానికి ఎజెలాయిక్ యాసిడ్ క్రీము రాసిచ్చి, తర్వాతి విడత వాయిదా వేశారు. నలుపు పూర్తిగా పోయేదాకా సూది ముట్టుకోలేదు.

అన్నిటికన్నా కష్టమైంది ఎండ. చెరువు గట్టు మీద ఎండ పైనుంచీ పడుతుంది, నీళ్ళ మీద నుంచి తిరిగీ కొడుతుంది, టోపీ ఒక్కటే సరిపోదు. రెండు వేళ్ళ పొడవునా పిండినంత సన్‌స్క్రీన్ ముఖానికీ మెడకీ రాసి, చెమట తుడుచుకున్నాక మళ్ళీ రాయాలి. రంగు కలిపిన సన్‌స్క్రీన్ ఇచ్చారు, అందులోని ఐరన్ ఆక్సైడ్ మామూలు వెలుతురుని కూడా కొంత ఆపుతుంది. మన చర్మాన్ని నల్లబరిచేది అతినీలలోహిత కిరణాలొక్కటే కాదు. మేత వేసే కుర్రాళ్ళు మొదట్లో వింతగా చూశారు, తర్వాత ఒకడు తనకీ పేరు రాసిమ్మన్నాడు. సూది పనులన్నీ చలికాలానికే పెట్టుకుని, వేసవిలో రాత్రిపూట మొటిమలకు వాడే అడాపలీన్ జెల్ మాత్రం రాసుకున్నాను.

ఇప్పుడు రెండో చలికాలం గడిచింది. కుడి కణత కింద నిటారు అంచులున్న గుంట ఒకటి అలాగే ఉంది. దానికి ఫిల్లర్, అంటే గుంటని కింద నుంచి నింపే ఇంజెక్షన్, వేయొచ్చన్నారు డాక్టరుగారు. అయితే అది లాగితే లేవని రకం కాబట్టి ఎక్కువ నింపాల్సి వస్తుందనీ, నవ్వినప్పుడు చుట్టూ ఉబ్బినట్టు కనిపించవచ్చనీ కూడా చెప్పారు. వద్దన్నాను. వచ్చే దీపావళి తర్వాత ఎడమ బుగ్గకి ఇంకొక్కసారి సబ్‌సిషన్ చేయించుకుని ఆపేస్తాను.