గడుల గుణకారం లోపల ఏముంది?

మా అమ్మాయి హోంవర్క్‌లో గడుల గుణకారం చూసినప్పుడు ఇదేదో చిట్కా అనిపించింది. తనతో కూర్చుని 47 × 68 చేశాక తెలిసింది, ఇది మనం నేర్చుకున్న లెక్కే.

నాలుగు గడులు గీసి పైన 4, 7, కుడి పక్కన 6, 8 రాస్తాం. ప్రతి గడినీ పై కుడి మూల నుంచి కింది ఎడమ మూలకు ఒక గీత రెండుగా కోస్తుంది. ప్రతి గడిలో దాని పైనున్న అంకెను, కుడి పక్కనున్న అంకెతో గుణించి రాస్తాం: పై వరుసలో 24, 42. కింది వరుసలో 32, 56. పదుల అంకె గీతకు పైన, ఒకట్ల అంకె కింద. ఇక ఐమూలగా కూడటమే. కుడి చివర 6. తర్వాత 5+2+2 = 9. ఆ పైన 4+4+3 = 11, అంటే 1 వేసి 1 పక్కకి. చివర 2+1 = 3. జవాబు 3196.

ఆ ఏటవాలు దారులే ఒకట్లు, పదులు, వందలు, వేల స్థానాలు. మామూలు పద్ధతిలో ఏడెనిమిదులు 56 అని 6 వేసి, 5 చేతిలో పెట్టుకుని, వెంటనే 32కి కలిపి 37 అంటాం. ఇక్కడ ఆ 5 తన గడిలోనే ఉండి, చివర్లో అదే పదుల దారిలో కలుస్తుంది. మామూలు పద్ధతి రెండో వరుసలో మనం ఒక స్థానం జరిపి రాసే 282 కూడా అంతే: పై వరుస గడులు ఒక స్థానం ఎడమకు పడటమే ఆ జరపడం.

నాకు బాగా నచ్చింది ఇదే: ఎక్కాలు ఒకసారి, కూడికలు ఇంకోసారి. 56లోని 5, 42లోని 4 కలగాపులగం కావు. ఒక్క చోట మాత్రం జాగ్రత్త. 2 × 3 వస్తే గడిలో 06 అని రాయాలి. ఆ 6 గీతకు పైన పడితే దాని విలువ పది రెట్లవుతుంది.