ఎదురుకోలుకు ముందు నాలుగు మాటలు

అందరికీ నమస్కారం. పెద్దలకు, ఆడపడుచులకు, కందుకూరు నుంచి, ఒంగోలు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన మన ఊరి బిడ్డలకు శ్రీరామనవమి కల్యాణానికి రామాలయం తరఫున స్వాగతం. నీడలో సర్దుకుని కూర్చోండి. ముసలివాళ్లకు కుర్చీలు పందిరికి ఎడమవైపు వేయించాం.

ఇంకాసేపట్లో ఎదురుకోలు. పడమటి వీధి వాళ్లు రాములవారి తరఫున, తూర్పు వీధి వాళ్లు సీతమ్మ తరఫున నిలబడతారు. ఒకరికొకరు పన్నీరు చల్లుకుని, పానకం అందించుకుని వేదిక దగ్గరికి రావాలి. పోయినేడు ఇక్కడే ఆలస్యమైంది. మేళాన్ని వీధి మలుపులో ఆపి కుర్రాళ్లు అరగంట కోలాటం ఆడారు. స్వామి పీట మీదికి వచ్చేసరికి పన్నెండున్నర. ముహూర్తం దాటిపోతుందని టెన్షన్‌తో అయ్యవారు ప్రవర గబగబా చదివేశారు. తప్పు ఆయనది కాదు, ఏర్పాట్లు చూసిన నాది. అందుకే ఈసారి ఎదురుకోలు పదింటికే మొదలుపెడుతున్నాం. కోలాటం సాయంత్రం తీరిగ్గా ఆడుకుందాం.

ముహూర్తం అభిజిత్తు. సూర్యుడు పొడిచినప్పటి నుంచి కుంకేదాకా పగటిని పదిహేను భాగాలు చేస్తే ఎనిమిదోది. ఈ రోజుల్లో మన వైపు సుమారు 11:50 నుంచి 12:40 దాకా ఉంటుంది. విష్వక్సేన పూజ, పుణ్యాహవాచనం, కంకణధారణ అంతకుముందే అయిపోతాయి.

పుట్టినరోజున పెళ్లేమిటని పిల్లలు అడుగుతుంటారు. మంచి ప్రశ్నే. వాల్మీకి రామాయణంలో స్వామి పుట్టింది చైత్ర శుద్ధ నవమి, పునర్వసు నక్షత్రంలో. పెళ్లి మాత్రం ఉత్తర ఫల్గుని నక్షత్రంలో. నవమి నాడే కల్యాణం చేయడం మన ఊళ్ల ఆచారం. ఒంటిమిట్టలో అయితే చతుర్దశి రాత్రి వెన్నెల్లో చేస్తారు.

ఇప్పుడు నేను ముఖ్యంగా అడగదలచుకున్నది ప్రవర గురించి. తాళి కట్టే ఘట్టానికి అందరం లేచి నిలబడతాం, ప్రవర చదివేటప్పుడు మాత్రం మాటల్లో పడతాం. ఈసారి చెవి పెట్టి వినండి. సంస్కృతం రాకపోయినా మూడు మాటలు పట్టుకుంటే చాలు: నప్త్రే, పౌత్రాయ, పుత్రాయ. మునిమనవడికి, మనవడికి, కొడుకుకి అని. వాసిష్ఠ గోత్రం, నాభాగ మహారాజు మునిమనవడు, అజ మహారాజు మనవడు, దశరథుని కొడుకు రామచంద్రుడు. అటువైపు గౌతమ గోత్రం, స్వర్ణరోముని మునిమనవరాలు, హ్రస్వరోముని మనవరాలు, జనకుని కూతురు సీత. ఇది మూడుసార్లు చదువుతారు. మొదటిసారి అర్థం కాకపోయినా మూడోసారికి పేర్లు మీకే తగులుతాయి.

బాలకాండలో రాముడి వంశం వసిష్ఠుడు చెబుతాడు. జనకుడు మాత్రం తన వంశం తానే చెబుతాడు. కన్యాదానం చేసేవాడు తన కులాన్ని ఏమీ మిగల్చకుండా చెప్పాలంటాడు. అంత వంశం చెప్పుకున్న రాజు కూతురి చేతిని అప్పగించేటప్పుడు ఎంత చిన్న మాట అంటాడో చూడండి:

ఇయం సీతా మమ సుతా సహధర్మచరీ తవ
ప్రతీచ్ఛ చైనాం భద్రం తే పాణిం గృహ్ణీష్వ పాణినా

ఇదిగో సీత, నా కూతురు, నీతో కలిసి ధర్మం నడిపేది. స్వీకరించు, నీకు శుభం. నీ చేత్తో ఈమె చేయి పట్టుకో. మా చెల్లెలి పెళ్లిలో మా నాయన కాళ్లు కడిగి, చేయి అప్పగించి, మాట రాక కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. అప్పటి నుంచి ఈ శ్లోకంలో 'మమ సుతా' దగ్గర నా గొంతు ఆగుతుంది.

తర్వాత జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు. తలంబ్రాల బియ్యంలో నూకలు లేకుండా నిన్న మా వదినలంతా కూర్చుని ఏరారు. అక్షత అంటే విరగనిది. తొక్కిసలాట వద్దు, పళ్లెం మీ దగ్గరికే వస్తుంది.

పానకం సంగతి వడ్డించే పిల్లలకు. బిందెకు 15 లీటర్ల నీళ్లు, 3 కిలోల బెల్లం, 25 గ్రాముల మిరియాల పొడి, యాలకులు. బెల్లం కరిగాక కాసేపు కదపకుండా ఉంచి, ఇసుక దిగాక పలచటి గుడ్డలో వడగట్టారు. ముంచే ప్రతిసారీ అడుగు నుంచి కలపండి నాయనా, లేకపోతే మిరియాలంతా చివరి గ్లాసు తాగే పసివాళ్లకు పోతుంది. వడపప్పు ఈ ఎండకు ఎక్కువసేపు నిలవదు. జిగురు తగిలినా, పులిసిన వాసన వచ్చినా పెట్టకండి, నాకు చెప్పండి.

మేళం వాళ్లు వచ్చారు. పడమటి వీధి వాళ్లు పల్లకీ దగ్గరికి రండి.